ధర అదే, గ్రాములు తగ్గాయి: వంద గ్రాముల లెక్కతో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నమస్తే అండి. మా ఇంట్లో నలుగురం. వంటనూనె ప్యాకెట్లు నెలకి ఆరు సరిపోయేవి. ఈమధ్య నెలాఖరులో ఏడోది విప్పాల్సి వస్తోంది. రేటు పెద్దగా మారలేదు, ప్యాకెట్ కూడా చూడ్డానికి అలాగే ఉంది. మావారేమో నువ్వే నూనె ఎక్కువ పోస్తున్నావంటున్నారు. ప్యాకెట్‌లోనే తగ్గించారా అన్నది ఎలా తెలుసుకోవాలి? వంద గ్రాములకి ఎంత పడిందో లెక్కేయమని ఎవరో అన్నారు. అదెలాగో కాస్త వివరంగా చెప్తారా?

జవాబు:

ముందు ఆ ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి నెట్ క్వాంటిటీ అని ఉన్న చోట చూడండమ్మా. అసలైన లీటరు ప్యాకెట్ అయితే 1 లీటరు అని, పక్కనే 910 గ్రాములని ఉంటుంది. మీ చేతిలో ఉన్నదాని మీద 850 అనో 870 అనో ఉంటే మీవారికి చూపించండి.

నేను చాలా ఏళ్లు ఒక సూపర్‌మార్కెట్‌కి సరుకు కొనే పనిలో ఉన్నాను. డిస్ట్రిబ్యూటర్ కొత్త రేట్ల కాగితం తెచ్చి బల్ల మీద పెడితే మా కళ్లు ముందు వెళ్లేది గ్రామేజ్ గడి దగ్గరికి. రేటు పెరిగితే వాళ్లే చెప్తారు, ఎందుకంటే దాచినా బిల్లులో తెలిసిపోతుంది. గ్రాములు తగ్గితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఆ కాగితంలో అంకె మారి ఉంటుంది, అంతే.

నూనె దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువమంది మోసపోయేది అక్కడే. ఇంతకుముందు కొన్ని సరుకుల్ని ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలని కేంద్ర ప్రభుత్వం ఒక పట్టిక పెట్టింది. టీ, కాఫీ, బిస్కెట్లు, ఉప్పు, డిటర్జెంట్ పొడి, వంటనూనె, ఇలా 19 రకాలు. నూనె అంటే అర లీటరు, లీటరు, రెండు లీటర్లు, ఐదు లీటర్లు, ఆ వరసలోనే ఉండాలి. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్ని సవరించినప్పుడు ఆ పట్టికని తీసేశారు. 2022 నుంచి ఏ కంపెనీ అయినా ఎన్ని గ్రాములైనా నింపుకోవచ్చు, లోపల ఉన్నదెంతో సరిగ్గా అచ్చు వేస్తే చాలు. దాంతో 910 గ్రాముల ప్యాకెట్ పక్కనే 870, 850, 800 గ్రాములవి వచ్చి కూర్చున్నాయి. కవరు కొలత దాదాపు ఒకటే, రంగు ఒకటే, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మా ఒకటే. మనం షాపులో 'లీటరు ప్యాకెట్ ఒకటివ్వు' అంటాం, అతను చేతికందింది ఇస్తాడు. ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు. లీటరు అని మనం అనుకున్నాం, ప్యాకెట్ మీద ఎక్కడా లేదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్కే వేద్దాం. ఆరు ప్యాకెట్లు, ఒక్కోటి 910 గ్రాములు అంటే నెలకి 5,460 గ్రాములు. అవే ఆరు 850 గ్రాములవి అయితే 5,100. తేడా 360 గ్రాములు. అంటే ఏడో ప్యాకెట్ విప్పి సగానికి కాస్త తక్కువగా వాడాలి. మీరు చెప్పినదానికి ఇది సరిగ్గా సరిపోతోంది. మీ గరిటెలో తప్పేమీ ఉండకపోవచ్చు.

వంద గ్రాముల ధర వేయడానికి చేయాల్సింది ఒకటే: ఇచ్చిన డబ్బుని గ్రాములతో భాగించి వందతో గుణించడం. ఉదాహరణకి 910 గ్రాముల ప్యాకెట్ 150 రూపాయలు, దాని పక్కన ఉన్న 850 గ్రాములది 145 రూపాయలు అనుకోండి (రేట్లు నేను అనుకున్నవే, మీ ఊళ్లో రేటు పెట్టుకుని వేసుకోండి). మొదటిది 150ని 910తో భాగిస్తే వందకి 16 రూపాయల 48 పైసలు. రెండోది వందకి 17 రూపాయల 6 పైసలు. ఐదు రూపాయలు చవక అనుకుని తీసుకున్నదే నిజానికి ఖరీదైంది. మొదటిదాని రేటు ప్రకారమైతే 850 గ్రాములకి 140 రూపాయలే పడాలి. ఐదు రూపాయలు మిగిలాయనుకుంటూ ఐదు రూపాయలు ఎక్కువే ఇచ్చి వచ్చాం.

నూనెలో ఇంకో మెలిక ఉంది, లీటరు వేరు, కిలో వేరు. వంటనూనె నీళ్లకన్నా తేలిక, లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. అందుకే 15 లీటర్ల టిన్ను, 15 కిలోల టిన్ను రెండూ ఒకటి కావు. 15 లీటర్లంటే దాదాపు 13.65 కిలోలు. పెళ్లికో, వ్రతానికో టిన్ను తెచ్చేవాళ్లు ఈ తేడా అడక్కపోతే కిలోకి పైగా నూనె లెక్కలోకి రాదు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి కొన్ని కంపెనీలు 'ఫలానా ఉష్ణోగ్రత దగ్గర 1 లీటరు' అని రాసేవి. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములకి కాస్త తక్కువే తూగుతుంది. అంటే ఎక్కువ ఉష్ణోగ్రత వేస్తే తక్కువ నూనె పోసి లీటరు అనొచ్చు. ఇలా రాయొద్దని, లీటర్లతో పాటు బరువు కూడా వేయాలని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలకి చెప్పింది. మనకి పనికొచ్చేది ఒకటే, నూనెని ఎప్పుడూ గ్రాముల్లోనే పోల్చండి. లీటర్ల అంకెని పక్కన పెట్టేయండి.

ఇక ఐదు రూపాయలు, పది రూపాయల ప్యాకెట్లు. వీటిలో ధర అసలు కదలదు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ పదకొండు అయిందంటే చిల్లర సమస్య, పైగా పిల్లవాడు చేతిలో పది నోటు పట్టుకుని షాపుకొస్తాడు. అందుకని గోధుమపిండి, పామాయిల్, కవరు, డీజిల్ ఏది పెరిగినా ఆ భారం గ్రాముల మీదకే వెళ్తుంది. 2022లో పత్రికల్లో బాగా వచ్చిన రెండు ఉదాహరణలు చెప్తాను. పది రూపాయల విమ్ బార్ 155 గ్రాముల నుంచి 135 గ్రాములకి తగ్గింది. పది రూపాయల హల్దీరామ్ ఆలూ భుజియా 55 గ్రాముల నుంచి 42 గ్రాములకి వచ్చింది.

ధర కదలని చోట లెక్క ఇంకా సులువు, ఫోన్ కూడా తీయక్కర్లేదు. పది రూపాయల ప్యాకెట్ అయితే 1000ని గ్రాములతో భాగించండి, వంద గ్రాముల ధర వచ్చేస్తుంది. ఐదు రూపాయలదైతే 500ని, ఇరవైదైతే 2000ని. భుజియా అప్పుడు వెయ్యిని 55తో భాగిస్తే 18 రూపాయల 18 పైసలు, తర్వాత 42తో భాగిస్తే 23 రూపాయల 81 పైసలు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. బరువు 55 నుంచి 42కి తగ్గింది కాబట్టి 24 శాతం పోయింది, అంటే రేటు 24 శాతం పెరిగినట్టు అంటారు. కాదు, రేటు 31 శాతం పెరిగింది. తగ్గుదలని పాత బరువు మీద లెక్కిస్తాం, పెరుగుదల చూడాలంటే కొత్త బరువుతో భాగించాలి: 55ని 42తో భాగిస్తే 1.31. తగ్గింపు చిన్నదైతే ఈ రెండు అంకెలూ దగ్గరగానే ఉంటాయి, పెద్దదైతే బాగా విడిపోతాయి. ప్యాకెట్ సగానికి తగ్గితే రేటు రెట్టింపు అయినట్టు. అందుకే 'ఇంతశాతం తగ్గించారు' అనే మాట కన్నా వంద గ్రాముల ధరనే నమ్ముకోమంటాను.

మీలో కొందరికి ఈపాటికి సందేహం వచ్చి ఉంటుంది, ఈ లెక్క కంపెనీయే వేసి ప్యాకెట్ మీద అచ్చు వేస్తోంది కదా అని. నిజమే. 2024 జనవరి 1 నుంచి ఎమ్మార్పీతో పాటు యూనిట్ సేల్ ప్రైస్ కూడా వేయడం తప్పనిసరి అయింది. పొట్టిగా యూఎస్‌పీ అని వేస్తారు. కిలో కన్నా తక్కువ ఉన్న ప్యాకెట్ మీద గ్రాముకి ఎంత, కిలో దాటితే కిలోకి ఎంత అని ఉంటుంది. మంచి నిబంధన, కానీ దాన్ని మాత్రమే నమ్ముకుంటే రెండు చోట్ల దెబ్బ తింటాం.

మొదటిది, గ్రాముకి వేసేటప్పుడు రెండు దశాంశాలకి కుదిస్తారు. చవక సరుకులో ఆ రెండు అంకెలు సరిపోవు. పది రూపాయల గిన్నెల సబ్బు 150 గ్రాములు ఉందనుకోండి. గ్రాముకి 0.0667, అచ్చులో 0.07. తర్వాత అది 135 గ్రాములైంది. గ్రాముకి 0.0741, అచ్చులో మళ్లీ 0.07. పది శాతం సబ్బు మాయమైంది, ప్యాకెట్ మీది అంకె మాత్రం చెక్కుచెదరలేదు. వంద గ్రాములకి వేస్తే 6 రూపాయల 67 పైసలు, 7 రూపాయల 41 పైసలు అని తేడా కనబడుతుంది. అందుకే గ్రాముకి వేసిన అంకె ఎదురుగా ఉన్నా మళ్లీ వందకి వేసుకోమంటున్నాను. ఉప్పు, పిండి, గిన్నెల సబ్బు లాంటి వాటిలో ఇది తప్పదు. టీ పొడి, కాఫీ, నెయ్యి లాంటి ఖరీదైన వాటిలో రెండు దశాంశాలే చాలు.

రెండోది, యూనిట్ ధరని ఎమ్మార్పీ మీద వేస్తారు. మీరు ఎమ్మార్పీకి కొనరు కదా. నూనె ప్యాకెట్ మీద 190 అని ఉంటుంది, షాపువాడు 150కి ఇస్తాడు, ఆన్‌లైన్‌లో 147 ఉంటుంది. ఒక కంపెనీ ఎమ్మార్పీని బాగా పైకి పెట్టి ఎక్కువ తగ్గింపు ఇస్తే, ఇంకోటి తక్కువ ఎమ్మార్పీ పెట్టి తగ్గింపే ఇవ్వదు. ఆ రెండింటి యూఎస్‌పీలు పోల్చి ప్రయోజనం లేదు. బిల్లులో మీరు కట్టిన డబ్బుతోనే లెక్క వేయాలి. ఇంకో మాట, 10 గ్రాములు లేదా 10 మిల్లీలీటర్లు, అంతకన్నా చిన్న సాచెట్లకి ఈ నిబంధన వర్తించదు. షాంపూ సాచెట్‌ని సీసాతో పోల్చాలంటే మీరే భాగించుకోవాలి. చాలాసార్లు సాచెట్టే చవక పడుతుంది, పెద్ద సీసా ఎప్పుడూ లాభమని అనుకోకండి.

అసలు ఇబ్బంది పాత బరువు దగ్గర వస్తుంది. కొత్తది చేతిలో ఉంటుంది, పాతది ఎంతో ఎవరికి గుర్తు? షాపులో పాత సరుకు, కొత్త సరుకు ఒకే అరలో కొన్నాళ్లు కలిసి ఉంటాయి. వెనక వరసలోంచి ఒకటి తీసి చూడండి, రెండిటి తయారీ తేదీలు, గ్రాములు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి పాత ఆర్డర్ తెరిస్తే సరిపోదు, సరుకు పేజీలో బరువుని కంపెనీ మార్చేస్తే పాత ఆర్డర్ నొక్కినా కొత్త బరువే కనబడొచ్చు. ఆ రోజు వచ్చిన ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసి చూడండి, అందులో అప్పటి పేరు, అప్పటి బరువు అలాగే ఉంటాయి.

మా పనిలో మేము చూసేది బార్‌కోడ్. మన దేశంలో రిజిస్టర్ చేసుకున్న కంపెనీల నంబర్లు 890తో మొదలవుతాయి. నెట్ క్వాంటిటీ మారితే ఆ సరుకుకి కొత్త నంబర్ ఇవ్వాలన్నది బార్‌కోడ్లు జారీ చేసే జీఎస్1 సంస్థ నియమం. కాబట్టి పాత కవరు ఒకటి దొరికి, బొమ్మా పేరూ ఒకటే అయ్యి, బార్‌కోడ్ చివరి అంకెలు మారితే గ్రాములు చూడమని అర్థం. అందరూ ఈ నియమం పాటిస్తారని కాదు. నంబర్ మారలేదు కాబట్టి బరువూ మారలేదని మాత్రం అనుకోకండి.

వీటన్నిటికన్నా తేలికైంది ఇంట్లో ఒక కాగితం పెట్టుకోవడం. అన్ని సరుకులూ రాయబోతే రెండో నెలకే విసుగొస్తుంది. నెలనెలా తప్పక కొనేవి ఎనిమిదో పదో చాలు: నూనె, టీ పొడి, గిన్నెల సబ్బు, ఒంటి సబ్బు, బట్టల పొడి, పేస్టు, పిల్లల బిస్కెట్లు, ఇలాంటివి. సరుకు పేరు, కట్టిన డబ్బు, గ్రాములు, తేదీ. ఫోన్‌లో షీట్ పెట్టుకునేవాళ్లయితే బీ గడిలో రూపాయలు, సీ గడిలో గ్రాములు వేసి పక్క గడిలో ఇది పెట్టండి:

```
=ROUND(B2/C2*100,2)
```

మొదటి నెల ఏమీ తెలియదు, రెండు మూడు నెలలకి ఏదో ఒక వరసలో అంకె జరుగుతుంది. అప్పుడు గ్రాముల గడి చూడండి. గ్రాములు అలాగే ఉండి అంకె పెరిగితే మామూలు ధర పెరుగుదల. గ్రాములు తగ్గితే మీరు అడిగింది అదే.

ఈ కాగితం మొదలుపెట్టేవాళ్లు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి, 2025 సెప్టెంబర్ 22. ఆ రోజు నుంచి బిస్కెట్లు, మిక్చర్లు, ఒంటి సబ్బు, షాంపూ, పేస్టు లాంటివాటి మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. ఐదు, పది రూపాయల ప్యాకెట్ల ధర తగ్గించడం కుదరదని చాలా కంపెనీలు గ్రాములు పెంచాయి. ఎంత పెంచాలో లెక్క వేయొచ్చు. బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5కి వచ్చింది కాబట్టి 1.18ని 1.05తో భాగిస్తే 1.12, అంటే 100 గ్రాముల ప్యాకెట్ 112 గ్రాములు అవ్వాలి. మిక్చర్ల మీద 12 నుంచి 5కి, కాబట్టి 100కి సుమారు 107. మీ దగ్గర అంతకుముందు కవరు ఏదైనా ఉంటే చూసుకోండి. పెరిగిన ఆ గ్రాములే ఇప్పటి మొదటి అంకె. మళ్లీ నెమ్మదిగా పాత బరువుకి దింపితే 'ఎప్పుడూ ఇంతేగా' అనిపిస్తుంది, మనకి గుర్తుండేది పాతదే కాబట్టి. '20 శాతం అదనం' అని రాసిన ప్యాకెట్లతోనూ ఇదే గొడవ. ఆ అదనం దేని మీద అన్నది చూడాలి, అదనం తీసేసిన తర్వాత వచ్చే ప్యాకెట్ మొదటిదాని కన్నా చిన్నదేమో కూడా చూడాలి.

మీరు ఫిర్యాదు చేయాలా అన్న ప్రశ్న తర్వాత వస్తుందని ముందే చెప్తున్నాను. ప్యాకెట్ మీద 850 అని రాసి 850 పోస్తే అది చట్టప్రకారం తప్పు కాదు, ఎవరికి చెప్పినా చేయగలిగింది లేదు. మీరు వేరే బ్రాండ్‌కి మారడమే. 910 అని రాసి 870 పోస్తే మాత్రం అది తూకంలో మోసం. ఇంట్లో తేల్చుకోవాలంటే వంటింటి డిజిటల్ తూకం మీద విప్పని ప్యాకెట్ పెట్టి రాసుకోండి, నూనె అయిపోయాక కవరు కడిగి ఆరబెట్టి దాన్నీ తూచి తీసేయండి. పది పదిహేను గ్రాముల తేడాకి కంగారు పడొద్దు. 500 నుంచి 1000 గ్రాముల మధ్య ఉండే ప్యాకెట్‌కి 15 గ్రాముల దాకా తేడా నిబంధనలే ఒప్పుకుంటాయి, మీ తూకమూ కాస్త అటూఇటూ చూపించొచ్చు. నలభై గ్రాములు తగ్గిందంటే ఇంకో విప్పని ప్యాకెట్ కొని, దాన్ని విప్పకుండానే బిల్లుతో సహా జిల్లాలోని తూనికలు కొలతల శాఖ వాళ్లకి చూపించండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. విప్పేసిన ప్యాకెట్ పట్టుకెళ్తే మీరే ఒంపుకున్నారంటారు.

వంద గ్రాముల లెక్క పట్టుకోలేనివీ ఉన్నాయి. బరువు తగ్గించకుండా సరుకునే పలచన చేస్తే, అంటే మిక్చర్‌లో జీడిపప్పు, పల్లీలు తగ్గించి బూందీ పెంచితే, ఈ అంకె కదలదు. దానికి ప్యాకెట్ వెనక పదార్థాల వరస చూడాలి, ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. రసగుల్లా డబ్బా కిలో అంటే అందులో పాకం కూడా కలిసే ఉంటుంది, పాకం వార్చేశాక మిగిలే బరువు డ్రెయిన్డ్ వెయిట్ అని వేరే అంకెగా ఉంటే దానితో భాగించండి. బట్టల ద్రవంలో ఒక బ్రాండ్‌ది మూత నిండా, ఇంకోదానిది సగం మూత పోయమంటారు. అక్కడ వంద మిల్లీలీటర్ల ధర కన్నా ఒక ఉతుక్కి ఎంత పడిందన్నదే చూడాలి. అగరబత్తీలు, టిష్యూలు, అగ్గిపెట్టెల్లో గ్రాములు కాదు, లెక్కపెట్టి ఒక్కోదానికి ఎంత పడిందో చూడటమే.